ఈ చార్టే ఎందుకు వేశావు? ఒక క్లాసు సర్వే, నాలుగు చిత్రాలు, వాటి వెనుక కారణాలు

ప్రాజెక్టు వైవాలో నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. రిపోర్టులో ఏదో ఒక చార్టు మీద వేలు పెట్టి, "ఇది ఎందుకు వేశావమ్మా?" అంటాను. ఆ చార్టు ఏం చెబుతోందో దాదాపు అందరూ చెబుతారు. అదే చార్టు ఎందుకు వేశారో చెప్పగలిగేవారు తక్కువ. ఒకసారి ఒక అమ్మాయి కాసేపు ఆలోచించి, "ఫారంలోనే అలా వచ్చింది మేడమ్" అంది.

ఆ అమ్మాయి నిజమే చెప్పింది. గూగుల్ ఫారంలో ఒక్క జవాబే ఎంచుకునే ప్రశ్న పెడితే ఫలితాల పేజీలో దానంతట అదే పైచార్టు వస్తుంది. ఎన్నయినా టిక్ చేయగల ప్రశ్నకు అడ్డ బార్లు వస్తాయి. ఒకటి నుంచి ఐదు వరకు మార్కు వేసే ప్రశ్నకు నిలువు బార్లు వస్తాయి. వాటిని స్క్రీన్‌షాట్ తీసి అతికిస్తే రిపోర్టులో ఆ అధ్యాయం అయిపోతుంది. ఆ తర్వాత "చార్టుల ఎంపికకు కారణాలు" అనే శీర్షిక కింద "సమాచారం సులభంగా అర్థం కావడానికి పైచార్టు ఉపయోగించాం" అని ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యంలో పైచార్టు అన్న చోట బార్ చార్టు అని మార్చినా అది అలాగే చెల్లుతుంది. ఏ చార్టుకైనా అతికే మాట ఏ చార్టుకూ కారణం కాలేదు.

కారణం అనిపించుకోవాలంటే అందులో మూడు సంగతులు ఉండాలి. విద్యార్థులు ఇచ్చిన జవాబు ఏ రకానికి చెందింది, చదివేవాడు ఆ చిత్రంలో దేనితో దేన్ని పోల్చుకోవాలి, వేరే చిత్రం వేసి ఉంటే ఏది కనిపించకుండా పోయేది. మూడోదాన్ని మా విద్యార్థులు దాదాపు ఎప్పుడూ రాయరు. నా దృష్టిలో ఈ విభాగానికి ప్రాణం అదే.

ఒక సర్వే తీసుకుని చివరిదాకా నడిచి చూద్దాం. అంకెలు పాఠం కోసం నేను కల్పించినవి, కానీ చిన్న పట్టణాల డిగ్రీ కాలేజీల్లో ఏటా ఇలాంటి సర్వేలే వస్తాయి. క్లాసులో 60 మంది ఉన్నారు, 50 మంది జవాబిచ్చారు. విషయం, కాలేజీకి రాకపోకలు. నాలుగు ప్రశ్నలు: ఎలా వస్తారు, ఎన్ని నిమిషాలు పడుతుంది, ఆలస్యం అయితే కారణాలేమిటి, ఉదయం 9 గంటల మొదటి పీరియడ్ మీకు అనుకూలమేనా. జవాబిచ్చినవారు 50 మంది కాబట్టి ఒక్కో విద్యార్థి సరిగ్గా 2 శాతం. ఈ సంగతి చివరిదాకా గుర్తుంచుకోవాలి.

ముందు వాక్యం, తర్వాత చిత్రం

మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబులు ఇవి. ఆర్టీసీ బస్సు 15, కాలేజీ బస్సు 14, ద్విచక్రవాహనం 11, నడక 7, షేర్ ఆటో 3. ఇవి పేర్లు మాత్రమే. వాటి మధ్య ఎక్కువ తక్కువల వరుస ఏదీ లేదు.

వీటికి పైచార్టు వేస్తే ఆర్టీసీ ముక్కకు 108 డిగ్రీల కోణం, కాలేజీ బస్సుకు దాదాపు 101 డిగ్రీలు వస్తాయి. తేడా ఏడు డిగ్రీలు. గడియారంలో నిమిషాల ముల్లు ఒక్క నిమిషంలో కదిలేది ఆరు డిగ్రీలు. అంటే నిమిషం పైచిలుకు తేడాను, వేర్వేరు దిక్కులకు తిరిగి ఉన్న రెండు ముక్కల్లో కంటితో పట్టుకోమని చదివేవాణ్ని అడుగుతున్నామన్నమాట. అది అయ్యే పని కాదు కాబట్టే ప్రతి ముక్క మీదా శాతం రాయాల్సి వస్తుంది. అప్పుడు మనం చదివేది ఆ అంకెలనే, చిత్రాన్ని కాదు. ఇక త్రీడీ పైచార్టు అయితే, మన వైపు వాలిన ముక్క లేని పెద్దరికం తెచ్చుకుంటుంది. దాన్ని ఏ రిపోర్టులోనూ సమర్థించలేం.

బార్ చార్టులో అన్ని బార్లూ ఒకే గీత నుంచి మొదలవుతాయి. చివరలు ఎక్కడ ఆగాయో చూస్తే చాలు. 1984లో విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెక్‌గిల్ అనే అమెరికన్ గణాంకవేత్తలు మనుషులకు చార్టులు చూపించి, అందులోని విలువలను అంచనా వేయించారు. ఒకే కొలబద్ద మీద స్థానాలను పోల్చేటప్పుడు అంచనాలు బాగా కుదిరాయి. కోణాలను పోల్చేటప్పుడు తప్పులు పెరిగాయి. పైచార్టు కంటే బార్ చార్టు మేలని పాఠ్యపుస్తకాలు చెప్పే మాట వెనుక ఉన్న ఆధారాల్లో ఇది ముఖ్యమైనది. రిపోర్టులో ఆ మాట వాడుకోవచ్చు.

అయితే ఇక్కడ ఒక చిక్కుంది. ఆర్టీసీకి 15, కాలేజీ బస్సుకు 14. బార్ చార్టు ఆ ఒక్క విద్యార్థి తేడాను స్పష్టంగా చూపిస్తుంది. అలా చూపించినంత మాత్రాన "అత్యధికులు ఆర్టీసీలోనే వస్తున్నారు" అని రాయవచ్చా? ఆర్టీసీ వాళ్లలో ఒక్కరు ఆ రోజు సెలవు పెట్టి ఉంటే రెండూ సమానమైపోయేవి. ఇక్కడ రాయదగ్గ మాట, రెండు రకాల బస్సులూ దాదాపు సమానంగా ఉన్నాయని, మిగతావి క్రమంగా తగ్గుతున్నాయని. బార్ చార్టు దీన్ని కూడా బాగానే చూపిస్తుంది.

అదే విద్యార్థి చెప్పదలచింది "సగానికి పైగా విద్యార్థులు ఏదో ఒక బస్సు మీద ఆధారపడ్డారు" అన్న మాట అయితే కథ మారుతుంది. 15, 14 కలిపితే 29. అంటే 58 శాతం. రెండు బస్సు ముక్కలను పక్కపక్కన పెట్టి ఒకే రంగు వేస్తే పైచార్టులో అవి సగం గీతను దాటడం చూడగానే తెలుస్తుంది. బార్లలో ఆ సంగతి కనిపించాలంటే మనసులో కూడిక వేసుకోవాలి. మొత్తంలో ఇంత భాగం అని చెప్పడానికి, అందులోనూ రెండు మూడు ముక్కలే ఉన్నప్పుడు, పైచార్టు మంచి చిత్రమే. అందుకే నేను విద్యార్థులతో ముందు చిత్రం కింద రాయబోయే వాక్యం రాయమంటాను, చిత్రం ఆ తర్వాతే వేయమంటాను. వాక్యంలో "కంటే" ఉంటే బార్, "మొత్తంలో" ఉంటే పైచార్టును పరిశీలించు అని చెబుతాను. ఇది మోటు సూత్రమే, అయినా చాలాసార్లు సరైన దారికి తీసుకెళ్తుంది.

రిపోర్టులో ఆ పేరా ఇలా ఉంటే నాకు చాలు:

> చిత్రం 1లో ప్రయాణ సాధనాలను ఒకదానితో ఒకటి పోల్చడం ఉద్దేశం. సాధనాల మధ్య సహజమైన వరుస లేదు కాబట్టి బార్లను ఎక్కువ నుంచి తక్కువకు అమర్చాం. పేర్లు పొడవుగా ఉన్నందున అడ్డ బార్లు వాడాం. పైచార్టులో ఆర్టీసీ, కాలేజీ బస్సు ముక్కల తేడా 7 డిగ్రీలే కావడంతో ఈ పోలిక సాధ్యం కాదు. ఆ రెంటి మధ్య తేడా ఒక్క విద్యార్థి మాత్రమే కాబట్టి వాటిని సమానంగానే పరిగణించాం. అక్షం సున్నా నుంచి మొదలవుతుంది.

ఆ చివరి వాక్యం అలంకారం కోసం పెట్టింది కాదు. బార్ చార్టులో పొడవే విలువ. అక్షాన్ని 2 నుంచి మొదలుపెడితే షేర్ ఆటో బార్ ఒక గడి, ఆర్టీసీ బార్ పదమూడు గడులు ఉంటాయి. అసలు నిష్పత్తి ఐదు రెట్లు, కంటికి కనిపించేది పదమూడు రెట్లు. విలువలు దగ్గర దగ్గరగా ఉన్నప్పుడు ఎక్సెల్ తానుగా అక్షాన్ని సున్నాకు పైనుంచి మొదలుపెట్టడం కూడా ఉంది. చార్టు వేశాక మొదట చూసుకోవాల్సింది అక్కడే.

128 శాతం వచ్చిన ప్రశ్న

ఆలస్యానికి కారణాలు అడిగిన ప్రశ్నలో వర్తించేవన్నీ టిక్ చేయమన్నారు. బస్సు ఆలస్యం 24, రద్దీ వల్ల బస్సు ఎక్కలేకపోవడం 13, ఇంటి పనులు 12, రైల్వే గేటు 9, బండి మొరాయించడం 6. మొత్తం 64 టిక్కులు. జవాబిచ్చినవారు 50 మందే.

దీనికి పైచార్టు వేసే విద్యార్థులు ప్రతి ఏడాదీ ఉంటారు. కంప్యూటర్ అడ్డు చెప్పదు. 64ను నూరు శాతంగా తీసుకుని బస్సు ఆలస్యానికి 37.5 శాతం ముక్క కోస్తుంది. దాన్ని చూసి విద్యార్థి "37.5 శాతం విద్యార్థులు బస్సు ఆలస్యం అన్నారు" అని రాస్తాడు. అది తప్పు. అలా అన్నది 50 మందిలో 24 మంది, అంటే 48 శాతం. పైచార్టులోని 37.5 టిక్కుల్లో వాటా. టిక్కుల్లో వాటా తెలుసుకోవాలని ఎవరూ అనుకోరు. ఒక విద్యార్థి మూడు కారణాలు టిక్ చేస్తే అతని గొంతు మూడుసార్లు వినిపిస్తుంది, అంతే.

ఇక్కడ బార్లే వేయాలి. ప్రతి బార్ విడిగా 50 మందిలో ఎందరో చెబుతుంది. శాతాలన్నీ కూడితే 128 వస్తుంది. ఒకరు ఒకటి కంటే ఎక్కువ ఎంచుకోవచ్చు కాబట్టి మొత్తం 100 దాటుతుందని చిత్రం కిందే రాయాలి. ఆ మాట లేకపోతే పరీక్షకుడు కూడికలో తప్పు దొర్లిందనుకుంటాడు.

ఇంకా లోపలికి వెళ్లి భాజకం గురించి కూడా అడగాలి. నడిచి వచ్చేవాళ్లు బస్సు ఆలస్యాన్ని టిక్ చేసే అవకాశమే లేదు. ఆ 24 మందీ బస్సు వాళ్లే అనుకుంటే, 29 మంది బస్సు ప్రయాణికుల్లో 24 మంది, అంటే 83 శాతం. 37.5, 48, 83. మూడూ ఒకే 24 టిక్కుల నుంచి వచ్చినవే. ఏది వేయాలన్నది మనం అడుగుతున్న ప్రశ్నను బట్టి ఉంటుంది. క్లాసు మొత్తం మీద సమస్య ఎంత విస్తృతం అంటే 48. బస్సు మీద ఆధారపడినవారికి అది ఎంత తీవ్రం అంటే 83. ఏ భాజకం తీసుకున్నామో అక్షం పేరులోనే రాయాలి. "శాతం" అని మాత్రం రాసి వదిలేస్తే కుదరదు.

ఎవరూ లేని చోట నిలబడ్డ సగటు

నా మనసుకు దగ్గరైన ప్రశ్న ప్రయాణ సమయం. ఇక్కడే విద్యార్థులు అసలు విషయాన్ని చేజార్చుకుంటారు.

మొదటి తప్పు ఫారం దగ్గరే జరుగుతుంది. ఖాళీ గడి ఇచ్చి సమయం రాయమంటే ఒకరు "30" అని, ఒకరు "30 ని." అని, మరొకరు "అరగంట" అని రాస్తారు. కంప్యూటర్‌కు అవి మూడు వేర్వేరు మాటలు. వాటిని శుభ్రం చేసి అన్నీ నిమిషాల్లోకి మార్చాలి. ఎన్నింటిని మార్చారో రిపోర్టులో చెప్పాలి. రెండో తప్పు, శుభ్రం చేశాక కూడా ప్రతి విలువనూ ఒక పేరులా భావించి మామూలు బార్ చార్టు వేయడం. అందులో 35 నిమిషాల బార్ పక్కనే 45 నిమిషాల బార్ వచ్చి కూర్చుంటుంది, మధ్యలో ఉన్న 10 నిమిషాల ఖాళీ కనిపించదు. సమయం కొలత. అక్షం మీద దూరానికి అర్థం ఉంది. కాబట్టి వేయాల్సింది హిస్టోగ్రామ్, మన పాఠ్యపుస్తకాల భాషలో సోపాన చిత్రం. బార్ల మధ్య ఖాళీ లేకపోవడం ఏదో సంప్రదాయం కాదు. ఒక అంతరం ముగిసిన చోటే మరొకటి మొదలవుతుందని చెప్పే గుర్తు అది.

పది నిమిషాల అంతరాలతో లెక్కిస్తే మన 50 మంది ఇలా ఉన్నారు.

| నిమిషాలు | బస్సు | ఇతరులు | మొత్తం |
|---|---|---|---|
| 0–10 | 0 | 9 | 9 |
| 10–20 | 1 | 9 | 10 |
| 20–30 | 2 | 2 | 4 |
| 30–40 | 3 | 0 | 3 |
| 40–50 | 8 | 0 | 8 |
| 50–60 | 8 | 1 | 9 |
| 60–70 | 5 | 0 | 5 |
| 70–80 | 2 | 0 | 2 |

సగటు దాదాపు 35 నిమిషాలు. మధ్యగతం కూడా 30–40 మధ్యనే పడుతుంది. రిపోర్టులో "సగటు ప్రయాణ సమయం 35 నిమిషాలు" అని రాసి, ఒకే ఒక బార్ వేసి ముగించవచ్చు. లెక్కలో ఏ తప్పూ లేదు. కానీ పట్టికలో చివరి నిలువు వరుసను పై నుంచి కిందికి చదవండి. 30–40 నిమిషాల వాళ్లు ముగ్గురే ఉన్నారు. క్లాసులో రెండు గుంపులున్నాయి. ఒక గుంపు కాలేజీకి దగ్గరలో, ఇరవై నిమిషాల లోపు. మరొకటి దూరపు ఊళ్ల నుంచి, నలభై నుంచి డెబ్బై నిమిషాలు. సగటు ఆ రెండు గుంపుల మధ్య, దాదాపు ఎవరూ లేని చోట పడింది.

కొంచెం ఎక్కువ చదివిన విద్యార్థులు బాక్స్ ప్లాట్ వేస్తారు. చూడటానికి పరిశోధన వ్యాసంలా ఉంటుంది. బాక్స్ ప్లాట్ చెప్పేది అయిదు అంకెలు: కనిష్ఠం, మొదటి చతుర్థకం, మధ్యగతం, మూడో చతుర్థకం, గరిష్ఠం. మన డేటాలో పెట్టె పది–ఇరవై మధ్య ఎక్కడో మొదలై యాభై దాటాక ముగుస్తుంది. మధ్యగతపు గీత దాదాపు నడుమ ఉంటుంది. ఆ పెట్టెను చూసినవారికి జనం నడుమనే గుమిగూడి ఉన్నారనిపిస్తుంది. ఉన్నది దానికి సరిగ్గా వ్యతిరేకం. రెండు శిఖరాలున్న డేటాకు బాక్స్ ప్లాట్ గుడ్డిది. పది పదిహేను గుంపులను పక్కపక్కన పోల్చాల్సి వచ్చినప్పుడు అది గొప్ప చిత్రమే, కానీ గుంపు లోపలి ఆకారం తెలియక ముందే దాన్ని వేస్తే ప్రమాదం.

హిస్టోగ్రామ్ వేస్తే పని అయిపోయిందని కాదు. అంతరం వెడల్పు ఎంత అన్నది మన చేతిలో ఉంది, దానికీ కారణం రాయాలి. ఇదే డేటాకు 40 నిమిషాల అంతరం తీసుకోండి. రెండే బార్లు వస్తాయి, 26, 24. రెండు శిఖరాలు మాయం. 20 నిమిషాలు తీసుకుంటే 19, 7, 17, 7. శిఖరాలు నిలిచాయి. 10 నిమిషాలకు మరింత స్పష్టం. అలాగని ఒకటి రెండు నిమిషాలకు తగ్గిస్తే దువ్వెన పళ్లలా బార్లు లేస్తాయి. ఎందుకంటే ఎవరూ గడియారం చూసి సమాధానం ఇవ్వరు. 15, 20, 30, 45, గంట, ఇలా గుండ్రటి అంకెలే చెబుతారు. ఆ పళ్లు ప్రయాణాన్ని కాదు, మనుషులు లెక్క చెప్పే అలవాటును చూపిస్తాయి.

1926 నుంచి వాడుకలో ఉన్న స్టర్జెస్ సూత్రం ఇక్కడ ఒక ఆసరా ఇస్తుంది. అంతరాల సంఖ్య `k = 1 + 3.322 log10(n)`. n 50 అయితే k దాదాపు 6.6, అంటే ఏడు. 80 నిమిషాలను ఏడుతో భాగిస్తే 11 చిల్లర. గుండ్రంగా 10 నిమిషాలు తీసుకున్నాం, ఎనిమిది అంతరాలు వచ్చాయి. సూత్రం చెప్పింది కాబట్టి అని మాత్రమే రాస్తే నాకు తృప్తి ఉండదు. "20 నిమిషాలతో కూడా వేసి చూశాం, రెండు శిఖరాలు అలాగే ఉన్నాయి" అని రాస్తే ఆ ఆకారం వెడల్పు వల్ల పుట్టింది కాదని నమ్ముతాను.

ఇక సరిహద్దు సంగతి. సరిగ్గా 30 నిమిషాలు అన్న విద్యార్థి 20–30లోకి వెళ్లాలా, 30–40లోకా? ఎక్సెల్‌లోని హిస్టోగ్రామ్ సాధారణంగా కుడి అంచును లోపలికి తీసుకుంటుంది. అంటే 30 ఎడమ బార్‌లోకి వెళ్తుంది. పైథాన్‌లో ఇలా వేస్తే,

```python
plt.hist(minutes, bins=range(0, 90, 10))
```

ఎడమ అంచు లోపల, కుడి అంచు బయట. చివరి అంతరంలో మాత్రం రెండు అంచులూ లోపలే. అంటే 30 కుడి బార్‌లోకి వెళ్తుంది. అందరూ గుండ్రటి అంకెలు చెప్పే సర్వేలో ఇది చిన్న తేడా కాదు. మన 30–40లోని ముగ్గురిలో ఇద్దరు సరిగ్గా 30 అన్నవారే అనుకోండి. ఎక్సెల్‌లో వారిద్దరూ ఎడమకు జరుగుతారు. మిగతా సరిహద్దుల దగ్గరా ఇలాగే ఒకరిద్దరు జరుగుతారు. ఒకే ప్రాజెక్టులో ఇద్దరు స్నేహితులు చెరొక దానిలో చార్టు వేసి, లెక్కలు కలవక రాత్రంతా తల పట్టుకున్న సందర్భం నాకు తెలుసు. తప్పు ఎవరిదీ కాదు. ఏ అంచు లోపలో ఒక వాక్యంలో రాసి, ఇద్దరూ ఒకే పద్ధతి పాటిస్తే సరిపోతుంది. పై పట్టికలో నేను ఎడమ అంచును లోపలికి తీసుకున్నాను.

రెండు శిఖరాలు కనబడ్డాక వాటికి కారణం వెతకాలి. అందుకే బస్సు, ఇతరులు అని రెండు హిస్టోగ్రామ్‌లు ఒకదాని కింద ఒకటి వేయాలి. అక్షం ఒకటే ఉండాలి, అంతరం ఒకటే ఉండాలి. పక్కపక్కన వేస్తే కన్ను ఎత్తులను పోలుస్తుంది. పైనా కిందా వేస్తే ఎటు జరిగిందో పోలుస్తుంది. మనకు కావలసింది రెండోదే. బస్సు వాళ్ల సగటు దాదాపు 50 నిమిషాలు, ఇతరులది 14. ఇప్పుడు రెండు సగటులూ మనుషులున్న చోటే ఉన్నాయి. ఇతరుల్లో 50–60 మధ్య ఒక్కరున్నారు. దూరపు ఊరి నుంచి బండి మీద వచ్చే విద్యార్థి కావచ్చు, నిమిషాలు తప్పుగా రాసి ఉండవచ్చు. అడిగి తెలుసుకోవాలి. చిత్రం బాగుండాలని ఆ ఒక్కరిని తీసేయకూడదు.

"మధ్యస్థం" అన్న అబద్ధం

9 గంటల పీరియడ్ గురించి అడిగిన ప్రశ్నకు అయిదు మెట్ల జవాబులు. చాలా అననుకూలం నుంచి చాలా అనుకూలం వరకు. బస్సు వాళ్లు 29 మందిలో వరుసగా 9, 8, 3, 6, 3. ఇతరులు 21 మందిలో 1, 3, 4, 8, 5.

ఒకటి నుంచి ఐదు వరకు అంకెలు వేసి క్లాసు మొత్తానికి సగటు కడితే 2.98 వస్తుంది. దాదాపు 3. "విద్యార్థుల అభిప్రాయం మధ్యస్థంగా ఉంది" అని ముగింపు. మధ్యస్థం అన్నవారు నిజానికి 50 మందిలో ఏడుగురే. ప్రయాణ సమయంలో చూసిన ఆటే మళ్లీ జరిగింది. పైగా ఇక్కడ ఇంకో ఇబ్బంది ఉంది. నిమిషాలకు కూడిక అర్థవంతం. "అననుకూలం"కు "చాలా అననుకూలం"కు మధ్య దూరం, "మధ్యస్థం"కు "అనుకూలం"కు మధ్య దూరం ఒకటేనని మనకు ఎవరూ హామీ ఇవ్వలేదు. వీటికి వరుస ఉంది, సమాన దూరాలు లేవు. కాబట్టి ఈ ప్రశ్నకు సగటు బార్ వేయకపోవడానికి రెండు కారణాలున్నాయి.

రెండు గుంపులను పోల్చాలి కాబట్టి చాలామంది జంట బార్లు వేస్తారు, సంఖ్యలతోనే. అందులో బస్సు వాళ్లు 29, ఇతరులు 21 అన్న తేడా ప్రతి బార్‌లోనూ కలిసిపోతుంది. ఒక బార్ పొడవుగా ఉంటే అభిప్రాయం బలంగా ఉందా, గుంపు పెద్దదా అన్నది తెలియదు. అందుకని నూరు శాతం పేర్చిన బార్లు రెండే వేయాలి. ఒక్కొక్కటి ఒక గుంపు, అయిదు జవాబులూ వరుస తప్పకుండా. అననుకూలం వైపున్న రెండు మెట్లు కలిపితే బస్సు వాళ్లలో 17 మంది, అంటే 59 శాతం. ఇతరుల్లో నలుగురు, 19 శాతం. పేర్చిన బార్‌లో ఎడమ చివరి ముక్కలు రెండింటికీ ఒకే గీత నుంచి మొదలవుతాయి కాబట్టి ఈ పోలిక సులువు. అనుకూలం ముక్కలు కుడి చివర ముగుస్తాయి కాబట్టి అవీ సులువే. నడుమ ముక్క మాత్రం రెండు బార్లలో రెండు చోట్ల తేలుతుంది, దాన్ని పోల్చడం కష్టం. అదే ఈ చార్టు బలహీనత, దాన్ని దాచకుండా రాయాలి. మన వాదన నడుమ ముక్క మీద ఆధారపడలేదు కాబట్టి భరించగలం.

శాతాల పక్కన గుంపు సంఖ్యలు తప్పకుండా ఉండాలి. "ఇతరులు (21 మంది)" అని. అక్కడ ఒక్కరు మనసు మార్చుకుంటే దాదాపు 5 శాతం కదులుతుంది. 59కి 19కి ఉన్న తేడా అలా ఒకరిద్దరితో చెరిగిపోయేది కాదు. కానీ 19.05 శాతం అని రెండు దశాంశాలు వేస్తే, లేని కచ్చితత్వాన్ని ఉన్నట్టు చూపినట్టే.

జెరాక్స్ కాగితం మీద

తెర మీద ఎరుపు, ఆకుపచ్చల్లో మెరిసిన చార్టు మా బల్ల మీదకు వచ్చేసరికి నలుపు తెలుపుల్లో ఉంటుంది. మూడు కాపీలు, స్పైరల్ బైండింగ్, రంగు ప్రింటుకు పేజీకి ఎక్కువ ఖర్చు. ఎరుపు, ఆకుపచ్చ రెండూ చాలాసార్లు దాదాపు ఒకే బూడిద రంగుగా మారతాయి, సూచిక పెట్టె పనికిరాకుండా పోతుంది. ఎరుపు, ఆకుపచ్చల తేడా కళ్లకు అందనివారు కూడా, ముఖ్యంగా మగపిల్లల్లో, క్లాసులో ఒకరిద్దరు ఉండే అవకాశం ఎక్కువ. అందుకని అయిదు మెట్లకు ముదురు నుంచి లేతకు వెళ్లే ఛాయలు తీసుకుని, ముక్కల మీదే పేరు, అంకె రాయడం మంచిది. "నలుపు తెలుపు ప్రింటులో పరీక్షించి ఛాయలు ఎంచుకున్నాం" అన్న ఒక్క వాక్యం చాలు, ఈ విద్యార్థి చార్టును కాగితం మీద పెట్టి చూశాడని నాకు అర్థమవుతుంది.

ఏ చార్టులోనూ కనిపించని సంగతి ఒకటి మిగిలింది. 60 మందిలో జవాబివ్వని పది మంది. మన ఊహా సర్వేలో ప్రశ్నల కాగితాలు ఉదయం మొదటి పీరియడ్‌లో పంచారనుకోండి. ఆలస్యం గురించి అడుగుతున్న సర్వే, ఆలస్యంగా వచ్చేవాళ్లు గదిలో లేని సమయంలో జరిగింది. ఆ పది మందిలో ఎక్కువ మంది బస్సు వాళ్లే అయ్యే అవకాశం ఉంది. వాళ్లందరూ బస్సు వాళ్లే అయితే క్లాసులో బస్సు వాటా 60లో 39, అంటే 65 శాతం. ఒక్కరూ కాకపోతే 60లో 29, అంటే 48 శాతం. మనం ధీమాగా రాసిన "సగానికి పైగా" ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంది. ఇది చార్టు రకం మార్చి సరిచేయగలిగేది కాదు. ప్రతి చిత్రం కింద చిన్న అక్షరాల్లో ఇలా రాసి, వీలైతే మరుసటి రోజు మూడో పీరియడ్‌లో మిగిలిన పది మందికీ కాగితాలు ఇవ్వాలి:

> జవాబులు: 60 మందిలో 50. సర్వే ఉదయం మొదటి పీరియడ్‌లో జరిగింది. ఆ సమయానికి రాని విద్యార్థులు ఇందులో లేరు.